ఎడమవైపు దీపం

టప్ మని శబ్దం వచ్చింది. గది మళ్ళీ చీకటైపోయింది.

"మూడోసారి," అన్నాడు చిన్నల్లుడు, కిటికీ తెర పక్కకి లాగుతూ. "ఎడమవైపు స్విచ్ వేస్తేనే మెయిన్ పడిపోతోంది అన్నయ్యా."

"నాకు కళ్ళున్నాయి," అన్నాడు పెద్దల్లుడు.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. భోజనాల వేళకి లాడ్జి యజమానురాలు వచ్చేస్తుంది. వచ్చి ఈ మంచం మీద కూర్చుని, ఒక పుస్తకం తెరిచి, అటోసారి ఇటోసారి దీపం వేసి చూస్తుంది. ఆవిడకి నచ్చితే ఈ గది లాగే మిగిలిన ఇరవై గదులూ. నచ్చకపోతే సామాను మూటగట్టుకుని ఇంటికి.

అదొక్కటే అయితే పెద్దల్లుడు అంత కంగారు పడేవాడు కాదు. అసలు సంగతి మామగారు నిన్న చెప్పాడు. "ఆవిడ ఎవరి పనికి తల ఊపితే ఇరవై గదుల బాధ్యతా వాళ్ళదే. ఆ తర్వాత కంపెనీ కూడా వాళ్ళదే. నేనింక ఇంటిపట్టున కూర్చుంటా." అని ఊరుకున్నాడా? ఇద్దరల్లుళ్ళ మొహాలూ చూసి, నవ్వి, భోజనానికి లేచాడు.

గదులకి దీపాలూ సామానూ అమర్చే ఆ కంపెనీలో పెద్దల్లుడు పెళ్ళికి ముందునుంచీ ఉన్నాడు. వైరింగు మొత్తం అతని చేతుల మీదే జరిగింది. మామగారు అతన్ని పిలవాలంటే "ఏరా అల్లుడూ" అంటాడు. చిన్నల్లుడు వచ్చి ఏడాది తిరగలేదు. ఫోన్లో గదుల బొమ్మలు గీసి, రంగులేసి, తిప్పి తిప్పి చూపిస్తాడు. వాణ్ణి మామగారు "అల్లుడుగారూ, మీరేమంటారు?" అని అడుగుతాడు. ఆ 'గారూ' వినబడినప్పుడల్లా పెద్దల్లుడికి గొంతులో ముద్ద దిగేది కాదు.

పైగా మొన్న పరుపు వ్యవహారం ఒకటి.

దీపాలు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెట్టాడు పెద్దల్లుడు. ఏళ్ళ తరబడి అదే లెక్క. మంచం మీద వీపు ఆనించి కూర్చున్న మనిషి కంటి మట్టానికి షేడు కింది అంచు వస్తే, వెలుగు పుస్తకం మీద పడుతుంది, బల్బు కంట్లో పడదు. ఇందులో తప్పేమీ లేదు. తప్పంతా పరుపులో ఉంది. యజమానురాలు పాతవి తీసేసి బాగా లావుపాటి పరుపులు తెప్పించింది. దాని మీద కూర్చునేసరికి మనిషి నాలుగంగుళాలు పైకి లేచాడు. దీపం మాత్రం ఉన్నచోటే ఉంది. షేడు పై అంచులోంచి బల్బు సూటిగా కళ్ళలో పొడిచింది. వెలుగు పుస్తకం మీద పడాల్సింది పోయి ఒళ్ళో పడింది.

"నేల నుంచి కాదు మేడమ్, పరుపు మీది నుంచి కొలవాలి," అన్నాడు చిన్నల్లుడు, ఆవిడ పక్కనే నిలబడి. "ఇక్కడ కూర్చోండి. మీ కన్ను ఇక్కడుంది. దీపం నాలుగంగుళాలు పైకి, జానెడు మీ వైపుకి రావాలి. మరీ దూరంగా ఉంటే మీ నీడే పేజీ మీద పడుతుంది."

ఆవిడ ఎంత మురిసిపోయిందో! "అదీ! చదివేవాళ్ళ బాధ తెలిసిన కుర్రాడు," అంది. మామగారి మొహం చాటంత అయింది.

ఆ రోజు సాయంత్రం పెద్దల్లుడు పళ్ళు బిగించి గోడలో వైరు పైపుకి కొత్త గాడి కొట్టాడు. చిన్నల్లుడు గీసిన చోటికి, చిన్నల్లుడు చెప్పిన ఎత్తుకి. తన చేత్తో.

ఇప్పుడు ఆ ఎడమవైపు దీపమే గది మొత్తాన్ని చీకటి చేస్తోంది.

"షేడు తీసెయ్," అన్నాడు. దీపం ఊడదీశారు. గోడలోంచి వచ్చిన వైర్ల కొసలు విడివిడిగా విడదీసి, ఒకదానికొకటి తగలకుండా వదిలేశాడు. "వెళ్ళి మెయిన్ వెయ్. వేసి అక్కడే ఉండు."

చిన్నల్లుడు వరండాలోకి వెళ్ళాడు. "వేశా!"

పెద్దల్లుడు ఎడమ దీపం స్విచ్ నొక్కాడు. టప్.

"దీపంలో లోపం లేదన్నమాట," అన్నాడు చిన్నల్లుడు గుమ్మంలోంచి తొంగిచూస్తూ. "గోడలోనే ఉంది."

ఆ మాటలో బాధ ఉందా, సంతోషం ఉందా అని పెద్దల్లుడు వాడి మొహం పరకాయించి చూశాడు. వాడి మొహం ఎప్పుడూ అంతే. తేల్చుకోలేం.

స్విచ్ వేయకపోతే ఏ గొడవా లేదు, వేస్తేనే పడిపోతోంది. అంటే స్విచ్‌కీ దీపానికీ మధ్య ఉన్న వైర్లోనే ఎక్కడో తేడా. ఆ మధ్య అంటే ఎంతని? రెండు బారల లోపు. అంత కాస్త దూరంలో, పైపులో భద్రంగా ఉన్న కొత్త వైరు, నిన్న సాయంత్రం దీపం చక్కగా వెలిగించిన వైరు, రాత్రికి రాత్రి ఎందుకు చెడిపోతుంది?

చెడిపోదు. ఎవరో చెడగొడితే తప్ప.

పెద్దల్లుడి బుర్రలో ఏదో వెలిగింది. కారు డిక్కీలో చిన్నల్లుడు పెట్టుకు తిరిగే అట్టపెట్టె గుర్తొచ్చింది. ప్లగ్గుతో పనిచేసే గోడ దీపం. గోడ పగలగొట్టనక్కర్లేదు, వైరు దాచనక్కర్లేదు. దీపం తగిలించి, తీగ కిందికి వేలాడదీసి, మంచం వెనక సాకెట్‌లో గుచ్చడమే. ఆ తీగ కనబడకుండా పైన తెల్లటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి అంటిస్తారు. "పాత గోడలున్న గదులకి ఇదే మేలు మామయ్యా," అని ఎన్నోసార్లు అన్నాడు వాడు. "గోడలో ఏదైనా అయితే మళ్ళీ గోడ తవ్వాలి. ఇదైతే తీసి పడేసి కొత్తది తగిలించుకోవడమే."

"తోక దీపాలు," అని కొట్టిపారేశాడు పెద్దల్లుడు అప్పట్లో.

ఇప్పుడు చూడు. గోడలో ఏదైనా అయింది కదా!

"పానెల్ దించుదాం," అన్నాడు గట్టిగా.

మంచం తలవైపు గోడకి, మంచమూ అటూ ఇటూ బల్లలూ కలిపి, మెత్తటి గుడ్డ కప్పిన పెద్ద పానెల్ ఉంది. అది పెద్దకూతురు, అంటే పెద్దల్లుడి భార్య, తన చేత్తో కుట్టించి తెచ్చింది. గోడకి అడ్డంగా ఒక చెక్క పట్టీ బిగించి, పానెల్ వెనకున్న పట్టీని దానికి తగిలిస్తారు. స్క్రూలుండవు. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని పైకెత్తితే ఊడి వస్తుంది.

పిలవగానే ఆవిడ పక్క గదిలోంచి వచ్చింది, మెడలో కొలత టేపు వేలాడుతూ. "మళ్ళీ ఏం ముంచుకొచ్చింది?"

"నీ పానెల్ ఎత్తాలి."

"మెల్లిగా ఎత్తండి. గుడ్డ మాసిందంటే ఇద్దర్నీ ఇందులోనే కుట్టేస్తాను."

"వదినా, నన్ను కుట్టేటప్పుడు మంచి రంగు ఎంచు," అన్నాడు చిన్నల్లుడు.

ఆవిడ నవ్వింది. తన భార్య. వాడి మాటకి. పెద్దల్లుడు ఆ నవ్వు కూడా లెక్కలో వేసుకున్నాడు.

మెయిన్ దించారు. టెస్టర్ పెట్టి ఎక్కడా కరెంటు లేదని చూసుకున్నాడు. చిన్నల్లుడు కుడివైపు, తను ఎడమవైపు పట్టి ఎత్తారు. కుడివైపు సులువుగా లేచింది. ఎడమవైపు కదల్లేదు.

"ఎత్తు అన్నయ్యా."

"ఎత్తుతున్నా! ఏదో పట్టేసింది."

పెద్దకూతురు వంగి పానెల్ మీద చెయ్యి పెట్టి నిమురుతూ పోయింది. రెండు మెత్తల మధ్య సన్నటి కాలవలా గీత ఉంటుంది. ఆ గీతలో ఆమె వేలు ఆగిపోయింది.

"ఇక్కడేదో గుచ్చుకుంటోంది." గుడ్డ మడత విడదీసి చూసింది. "స్క్రూ! నా పానెల్‌కి స్క్రూ ఎవరు కొట్టారు?"



పెద్దల్లుడు తలెత్తి చూశాడు. స్క్రూ ఉన్నచోటికి తిన్నగా పైన, దీపం ఉండాల్సిన చోట, వైర్ల కొసలు గోడలోంచి బయటికి చూస్తున్నాయి. అంటే సరిగ్గా కొత్త పైపు మీద. చెక్క దాటి, గోడలో దిగి, పైపు చీల్చి, వైర్లు రెంటినీ కలిపేసి ఉంటుంది. అందుకే స్విచ్ వేయగానే కరెంటు ఎగిరిపోతోంది.

పాతికేళ్ళుగా నేర్చుకున్న పనిలో మొదటి పాఠం అది. స్విచ్‌కి నిలువుగానీ, దీపానికి నిలువుగానీ, గోడకి ఏదీ దించకూడదు. వైరు అడ్డంగానో నిలువుగానో తిన్నగా పోతుంది, ఏటవాలుగా పోదు. తర్వాత వచ్చేవాడు కళ్ళు మూసుకుని కూడా ఊహించగలగాలని.

"పొద్దున్నుంచి ఈ గదిలో ఒంటరిగా ఎవరున్నారు?" అన్నాడు పెద్దల్లుడు.

"నేనే," అన్నాడు చిన్నల్లుడు. "దీపాలు తుడిచా. కానీ..."

"డ్రిల్లు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. కానీ నేను పానెల్ ముట్టుకోలేదు అన్నయ్యా."

"కారు డిక్కీలో దీపం కూడా నీ దగ్గరే ఉంది కదా."

చిన్నల్లుడికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "నా దీపం పెట్టించడానికి నీ వైరు తెగ్గొట్టానంటున్నావా?"

"నేనేమీ అన్లేదు. నువ్వే అన్నావు."

"ఏమండీ!" అంది పెద్దకూతురు.

"నువ్వూరుకో. నవ్వడానికి ముందుంటావు, ఇప్పుడు కసురుతున్నావు."

అదే సమయానికి మామగారు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసు. బిగించిన మొహాలు చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

పెద్దల్లుడు ఇంక దాచలేదు. లోపల ఎన్నాళ్ళుగానో పేరుకున్నదంతా పొంగుకొచ్చింది. "ఏముంది మామయ్యా! మీ అల్లుడుగారు వైరు మీద స్క్రూ దించారు. గది చీకటి. మేడమ్ వచ్చే వేళయింది. ఇరవై గదులూ ఈయన చేతిలో పెట్టండి, ఇరవై గదుల్లోనూ ఇలాగే దించుతారు!"

మామగారు టీ గ్లాసులోకి చూశాడు. అందులో ఏదో పడినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత, చిన్నల్లుడి వైపు చూడకుండానే, "చూసుకుని చెయ్యాలి కదా అల్లుడుగారూ," అన్నాడు.

చిన్నల్లుడు మామగారి మొహంలోకి సూటిగా చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

పెద్దల్లుడికి ఆ నోరు మూసుకోవడం తీయగా అనిపించింది. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టు ఉంది. గెలిచాడు. వేరే ఏమీ చెయ్యనక్కర్లేదు.

"సరే, ముందు తియ్యండి," అంది పెద్దకూతురు. "గుడ్డ చిరగకుండా."

స్క్రూడ్రైవరు తీసుకుని గీతలోకి వంగాడు. కష్టపడి లాగాల్సొస్తుందనుకున్నాడు. డ్రిల్లుతో బిగించిన స్క్రూ చెక్కలో బిర్రుగా కూర్చుంటుంది, తల అరిగిపోయి ఉంటుంది. ఇది నునుపుగా, వెన్నలోంచి వచ్చినట్టు తిరుగుతూ బయటికొచ్చింది. తల మీద ఒక్క గీత కూడా పడలేదు.

అరచేతిలో పెట్టుకుని చూశాడు. పొడుగాటి స్క్రూ. కొసన రాగి మెరుపు, వైరు గీసుకున్న చోట. చుట్టూ తిరిగే మరల గాళ్ళ మధ్య తెల్లగా ఏదో పేరుకుని ఉంది. సున్నమేమో అనుకుని గోటితో గీకాడు. జిగటగా ఉంది. వాసన చూశాడు.

సబ్బు.



ఈ రోజుల్లో స్క్రూకి సబ్బు ఎవరు రాస్తారు? మిషను చేతిలో ఉన్నవాడు రాయడు. రాయాల్సిన పనే లేదు. చేత్తో తిప్పేవాడు రాస్తాడు, చెక్కలో సులువుగా దిగడానికి. ఈ కంపెనీలో చేత్తో తిప్పే మనిషి ఒక్కడే. వడ్రంగం నుంచి పైకొచ్చిన మనిషి. డ్రిల్లు చూస్తే "అది చెక్కని కొరుకుతుందిరా, కూర్చోబెట్టదు" అనే మనిషి.

పెద్దల్లుడు మెల్లిగా తలెత్తాడు. మామగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు పెద్దల్లుడు భార్యతో. "నిన్న మేడమ్ ఆనుకుంటే పానెల్ కిర్రుమంది కదా, ఎడమవైపు. పొద్దున చూశావా దాన్ని?"

"చూశా. కిర్రు పోయింది. మీరే సరిచేశారనుకున్నా."

ఇంక అనుమానం లేదు. పెద్దాయన పొద్దున్నే, అందరికంటే ముందు వచ్చాడు. పానెల్ కదులుతోందని ఒక స్క్రూ బిగించాడు. చెక్కలోకే పోతుందనుకున్నాడు. స్క్రూ పొడుగు ఎక్కువైంది. వెనకున్నది ఇటుక గోడ అయితే అక్కడే ఆగిపోయేది. కానీ అక్కడున్నది మొన్నటి గాడి, పచ్చి పూత. మెత్తగా దిగిపోయింది.

దీపానికి నిలువుగా ఏదీ దించకూడదన్న సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. కానీ ఆయన దృష్టిలో ఆ వైరు అక్కడ లేదు. పాత దీపం దగ్గర్నుంచి కొత్త చోటికి పైనుంచే జానెడు గాడి కొట్టి ఉంటారనుకున్నాడు. దగ్గరి దారి అదే. పెద్దల్లుడే ఆ దారి వద్దన్నాడు. రంగేసిన గోడ మీద అతుకు కనబడుతుందని, స్విచ్ దగ్గర్నుంచే పానెల్ వెనకగా అడ్డంగా తీసుకెళ్ళి, దీపం కింద నిలువుగా పైకి లేపాడు. మంచి పనే. కానీ ఆ సంగతి మామగారికి చెప్పాడా?

లేదు. గీసిన చిన్నల్లుడే చెబుతాడనుకున్నాడు. చిన్నల్లుడేమో కొట్టిన పెద్దల్లుడే చెబుతాడనుకుని ఉంటాడు. ఇద్దరూ మొన్నటినుంచీ ముఖాముఖీ నాలుగు మాటలు మాట్లాడుకుంటే కదా!

ఇంటిపట్టున కూర్చుంటానన్న మనిషి పొద్దున్నే వచ్చి స్క్రూ ఎందుకు బిగించాడు? మేడమ్ చిన్నవాడి కన్ను మెచ్చుకుంది, నిన్న దీపాలు చూసి పెద్దవాడి చెయ్యీ మెచ్చుకుంది. ముసలాయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దల్లుడికి ఆ నొప్పి తెలుసు. దాంతోనే రోజూ నిద్ర లేస్తున్నాడు.

బయట కారు హారను వినబడింది.

"వచ్చేసింది!" అంది పెద్దకూతురు.

"వైరు మార్చాలి," అన్నాడు పెద్దల్లుడు. "పైపులోనే ఉంది కదా, గోడ తవ్వనక్కర్లేదు. పాతదాని కొసకి కొత్తది కట్టి లాగితే వచ్చేస్తుంది. కానీ ఇప్పుడు కాదు."

"అప్పటిదాకా నా తోక దీపం తగిలిద్దామా?" అన్నాడు చిన్నల్లుడు. వెటకారం లేదు. అడుగుతున్నాడు.

పెద్దల్లుడు స్క్రూ జేబులో వేసుకున్నాడు. "తే."

చిన్నల్లుడు పరుగెత్తాడు. పెద్దల్లుడు స్విచ్ పెట్టె విప్పి, ఎడమ దీపానికి పోయే వైర్లు విడదీసి, కొసలకి టేపు చుట్టాడు. పైన గోడలోంచి వచ్చిన కొసలు మడిచి అక్కడి గోడ పెట్టెలోకి నెట్టాడు. అట్టపెట్టె వచ్చింది. అదే ఎత్తులో, ఊడదీసిన దీపం ఇనుప బిగింపుకే ప్లగ్గు దీపం తగిలించారు. పానెల్ ఎత్తి పక్కన పెట్టి, తీగ తిన్నగా కిందికి వదిలి, పానెల్ వెనకనుంచి బల్ల వెనకున్న సాకెట్‌కి తీసుకెళ్ళారు. సాకెట్ల లైను వేరు, దానికి ఏ గొడవా లేదు. ఎడమవైపు కదలకుండా చెక్క పట్టీ సందులో అట్టముక్క దోపి, పానెల్ మళ్ళీ తగిలించేసరికి తీగ మొత్తం దాని వెనక మాయమైంది. దీపానికీ పానెల్‌కీ మధ్య నాలుగు వేళ్ళంత కనబడింది, అంతే. ప్లాస్టిక్ పట్టీ కూడా అక్కర్లేకపోయింది. చిన్నల్లుడు మెయిన్ వేసొచ్చాడు.

బాగానే ఉంది. అదే మండింది పెద్దల్లుడికి.

యజమానురాలు చేతిలో పుస్తకంతోనే వచ్చింది. చెప్పులు విడిచి, మంచమెక్కి, దిండు సర్దుకుని ఆనుకుంది. కుడి దీపం వేసింది, చదివింది. ఎడమ దీపానికి తీగ మీదున్న చిన్న మీట నొక్కింది, చదివింది. పేజీ తిప్పింది. కళ్ళు చిట్లించలేదు. నీడ పడలేదు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి," అంది. "ఎత్తు సరిగ్గా కుదిరింది. పానెల్ కూడా కిర్రుమనడం లేదు."

మామగారు గాలి పీల్చుకున్నాడు. ఒక్క క్షణమే.

"ఇదేమిటి, దీని స్విచ్ తీగ మీదుంది? కుడివైపు దానికి గోడకుంది కదా?" ఆవిడ వంగి, వేలితో తీగ పట్టుకుని లాగింది. "ఇది ప్లగ్గుదా? నిన్న రెండూ గోడలోంచే వచ్చాయి. ఏం జరిగింది?"

చిన్నల్లుడు తీగని మళ్ళీ పానెల్ వెనక్కి నెట్టబోయాడు.

"చూడండి," అందావిడ, పుస్తకం మూసి. "నేను ఇరవై ఏళ్ళుగా లాడ్జి నడుపుతున్నా. దాచితే నాకు తెలిసిపోతుంది. ఏం జరిగిందో చెప్పండి."

పెద్దల్లుడు జేబులోంచి స్క్రూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది మీరు ఆనుకున్న పానెల్‌లోంచి వైరులోకి దిగింది మేడమ్. స్విచ్ వేస్తే కరెంటు పోతోంది. ఆ వైరుకి కరెంటు తీసేశాం, ప్రమాదం లేదు. సాయంత్రానికి వైరు మారుస్తాం."

ఆవిడ స్క్రూని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తను ఆనుకున్న చోటు తడిమింది, సరిగ్గా తల ఉండే చోటు. "ఇక్కడా? నా గదుల్లో మనుషులు తల పెట్టి పడుకునే చోటా?" గొంతు మారింది. "ఎవరు కొట్టారిది? అది తేలాకే మిగతా మాటలు. గోడలో ఏముందో చూసుకోని మనిషి నా గదుల్లో అడుగు పెట్టడానికి వీల్లేదు."

మామగారు ఖాళీ గ్లాసుని మళ్ళీ నోటికి ఎత్తుకున్నాడు. పెద్దకూతురు తండ్రిని చూసింది, మొగుణ్ణి చూసింది, ఏదో పసిగట్టినట్టు చూపు నేలకి దించుకుంది.

పెద్దల్లుడు కదల్లేదు. ఊరుకుంటే చాలు. వాడే కొట్టాడని ఇందాక అందరూ విన్నారు. మామగారు కూడా అవునన్నట్టే మాట్లాడాడు. ఊరుకుంటే వాడు ఈ గుమ్మం దాటి బయటికి పోతాడు. కంపెనీ తనది.

చిన్నల్లుడు ఒకడుగు ముందుకేశాడు. "నేనే మేడమ్," అన్నాడు.

పెద్దల్లుడు చెవుల్ని నమ్మలేకపోయాడు.

"పానెల్ కదులుతోందని పొద్దున నేనే బిగించా. పొడుగు చూసుకోలేదు. తప్పు నాదే. మిగతా వాళ్ళకి సంబంధం లేదు."

వాడికి తెలుసు! పొద్దున వచ్చేటప్పుడు ముసలాయన స్క్రూడ్రైవరుతో గదిలోంచి వస్తుంటే చూసే ఉంటాడు. ఇందాక నోరు తెరిచి మూసింది అందుకే. ఇన్ని మాటలు పడుతూ గుటకేసి నిలబడింది అందుకే.

మామగారు చిన్నల్లుణ్ణి చూస్తున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిలిచాయి. పెద్దల్లుడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ చూపు ఎరగడు. ఎత్తైన నిచ్చెనల మీద, వానలో, జ్వరంతో పనిచేసిన రోజుల్లో కూడా ఎరగడు. ఇరవై గదులు తనకొస్తాయి, నిజమే. ఈ చూపు మాత్రం జీవితాంతం వాడికి. ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా, "మా చిన్నల్లుడు నా పరువు కాపాడాడు" అని ఆయన నోటితో చెప్పకపోయినా, ఆ చూపుతో చెబుతాడు.

ఆఖరికి తప్పు మోసే పేరు కూడా వీడికేనా!

 ఆ కోపంలోనే ఇంకోటి కనబడింది, స్పష్టంగా. ఈ అబద్ధం ఇక్కడ నిలబడితే ముసలాయన ఆ సబ్బుముక్క వదలడు. రేపు ఇంకో గది, ఇంకో పానెల్ కిర్రుమంటే, పొద్దున్నే ఒంటరిగా వస్తాడు. ఆ గదిలో వైర్లు దించేది తను. అక్కడ తల పెట్టి పడుకునేది ఎవరో తెలియదు.

"కాదు మేడమ్," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యా, వద్దు."

"వదులు. మంచితనమంతా నీ ఒక్కడి సొత్తా?" చెయ్యి విదిలించుకుని ఆవిడ వైపు తిరిగాడు. "ఇతను అబద్ధం చెబుతున్నాడు. వైరు దారి మార్చి, ఆ మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా మూతి ముడుచుకుని తిరిగింది మేమిద్దరం. దానికి నన్నే ముందు అనండి. కానీ ఆ స్క్రూ మరల్లో సబ్బుంది చూడండి. సబ్బు రాసి, చేత్తో తిప్పి బిగించే మనిషి మా కంపెనీ మొత్తానికి ఒక్కరే."

ఆవిడ స్క్రూ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎవరు?"

పెద్దల్లుడు ఆయన వైపు తిరిగాడు. వేలు చూపించలేదు.

"మా మామయ్యగారు," అన్నాడు.